పనిచేసే వయసు జనం ఎక్కువైతే లాభమా, భారమా? మన రాష్ట్రం ఏ దశలో ఉంది?

రమణ_పొదిలి

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఒక విషయం నాకు పొంతన కుదరడం లేదు. మన దేశానికి యువతే ఆస్తి, ఇంతమంది పనిచేసే వయసు వాళ్లు ప్రపంచంలో ఇంకెక్కడా లేరు అంటారు. ఇంకోపక్క ఆంధ్రాలో ముసలివాళ్లు పెరుగుతున్నారు, పిల్లల్ని కనండి అంటారు. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు పంచాయతీ, మున్సిపల్ ఎన్నికల్లో పోటీ చేయకూడదని 1994లో పెట్టిన నిబంధనను 2024 నవంబరులో అసెంబ్లీ తీసేసింది కూడా.

ఈ రెండు మాటలూ ఒకేసారి ఎలా నిజమవుతాయి? పనిచేసే వయసు జనం వల్ల వచ్చే లాభాన్ని డెమోగ్రాఫిక్ డివిడెండ్ అంటున్నారు, అది అసలు ఎంత, ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు పోతుంది? మా ఇంట్లో ఇద్దరు పిల్లలు చదువు ముగించారు. ఒకరికి ఉద్యోగం ఉంది, ఒకరికి లేదు. ఆ లేనివాడు దేశానికి లాభమా, భారమా అని నిజంగానే తెలుసుకోవాలనుంది. తెలిసినవాళ్లు లెక్కతో సహా చెప్పండి.

కిరణ్_మియాపూర్

రమణ గారూ, ఇందులో అంత చిక్కేమీ లేదండి. జనం ఎక్కువుంటే పనిచేసే చేతులు ఎక్కువ, కొనేవాళ్లు ఎక్కువ. చైనా ఎదిగింది అలాగే. 2023లో మనం చైనాను దాటి మొదటి స్థానానికి వచ్చాం, ఇక వచ్చే 30 ఏళ్లు మనవే. మన జనాభా సగటు వయసు తక్కువ కాబట్టి ఎదుగుదల దానంతట అదే వస్తుంది. ఆంధ్రాలో పిల్లలు తగ్గితే బీహార్ నుంచి వస్తారు, ఇప్పటికే వస్తున్నారు కదా.

పాతలెక్క

నేను అర్థగణాంక శాఖలో పనిచేసి రిటైరయ్యాను. కిరణ్ గారి మాటలో సగం సరైనదే, మిగతా సగం దగ్గరే అందరూ పొరబడుతుంటారు.

లాభం తెచ్చేది మొత్తం జనం సంఖ్య కాదు, వందమందిలో పనిచేసే వయసు వాళ్లు ఎంతమంది అన్నది. ప్రతి ఆడమనిషికీ ఆరుగురు పిల్లలున్న కాలంలో దాదాపు సగం జనం తినేవాళ్లే. కాన్పులు తగ్గడం మొదలయ్యాక కొన్ని దశాబ్దాలపాటు చిత్రమైన స్థితి వస్తుంది. ముందు పుట్టిన పెద్ద తరం పనిలోకి వచ్చేస్తుంది, వాళ్ల వెనక పిల్లలు తక్కువ, ముందు ముసలివాళ్లూ తక్కువ. సంపాదించేవాళ్ల నెత్తిన బరువు అన్నివైపులా తక్కువగా ఉండే కాలం అది. ఆ పెద్ద తరమే అరవై దాటినప్పుడు ఆ కాలం ముగుస్తుంది. ఇది ఒక్కసారే వచ్చే దశ.

ఇక లెక్క. 1971లో మన దేశంలో 15 నుంచి 59 ఏళ్ల మధ్యవాళ్లు నూటికి సుమారు 52. 2011లో 60.7. కేంద్రం నియమించిన నిపుణుల బృందం 2020లో ఇచ్చిన అంచనా ప్రకారం 2036లో 64.9. ఒక్కో కార్మికుడి ఉత్పత్తి ఏమీ మారలేదనుకుంటే, 52 నుంచి 60.7కి పెరగడం వల్ల తలసరి ఆదాయం 17 శాతం పెరగాలి. అదీ 40 ఏళ్లలో. 2011 నుంచి 2036 దాకా పెరగబోయేది 7 శాతమే, ఏడాదికి చూస్తే 0.3 శాతం కూడా రాదు. అంటే వయసు మార్పు దానంతట అది తెచ్చేది చాలా కొద్ది. అందులోనూ పెద్ద భాగం మనకు ఇప్పటికే వచ్చేసింది.

రమణ గారి మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. 64.9 అన్నది దేశం సగటు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక మహిళకు సగటున పుట్టే పిల్లలు బీహార్‌లో 3.0, ఆంధ్రాలో 1.7. బీహార్ ఇప్పుడిప్పుడే ఆ దశలోకి అడుగుపెడుతోంది. మనం దాని చివరి భాగంలో ఉన్నాం. 60 దాటినవాళ్లు ఆంధ్రాలో 2011లో నూటికి 10, 2036కి దాదాపు 19 అవుతారని అంచనా. బీహార్‌లో అప్పటికి 11 చుట్టూ ఉంటారు. కాబట్టి యువదేశం అన్న మాటా నిజమే, ముసలి రాష్ట్రం అన్న మాటా నిజమే.

తూర్పు_సతీష్

ఇదంతా చివరికి ఎంపీ సీట్ల దగ్గరకే వస్తుంది. కుటుంబ నియంత్రణ పాటించిన దక్షిణాదికి సీట్లు తగ్గిస్తారా? పన్నుల వాటా తగ్గిస్తారా? ముందు దానికి జవాబు చెప్పండి. పిల్లల్ని కనమంటున్నది అందుకేగా.

నిర్వాహకుడు

సతీష్ గారూ, నియోజకవర్గాల పునర్విభజన మీద వేరే చర్చ నడుస్తోంది, అక్కడ రాయండి. రమణ గారు అడిగింది ఆదాయం, పని, వయసు గురించి. ఆ దారిలోనే సాగనిద్దాం.

పద్మజ_తేజోన్

నేను దక్షిణ కొరియాలో ఉంటున్నాను, పరిశోధన ఆర్థికశాస్త్రంలో. పాతలెక్క గారి అంకెల మీద నాకు గౌరవం ఉంది కానీ, ఆ లెక్క అసలు కథను చిన్నది చేస్తోందని నా అభిప్రాయం.

కొరియానే చూడండి. 1960లో ఒక్కో మహిళకు ఆరుగురు పిల్లలు. 1962లో ప్రభుత్వం కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. 1983 నాటికి ఇద్దరికి దిగింది. 1960ల మధ్యలో 15 నుంచి 64 ఏళ్లవాళ్లు నూటికి 53 మంది ఉంటే, 2012 ప్రాంతంలో 73 మంది. పాతలెక్క మాస్టారి పద్ధతిలో లెక్కేస్తే ఈ మార్పు వల్ల తలసరి ఆదాయం 38 శాతమే పెరగాలి. కానీ ఆ కాలంలో వాళ్ల నిజ ఆదాయం పదిరెట్లకు ఎంతో పైకి పోయింది. మిగిలినదంతా ఎక్కడి నుంచి వచ్చింది?

ఆర్థికవేత్తలు డేవిడ్ బ్లూమ్, జెఫ్రీ విలియమ్‌సన్ 1998లో వేసిన అంచనా ప్రకారం తూర్పు ఆసియా అద్భుత వృద్ధిలో సుమారు మూడోవంతు ఈ వయసు మార్పుదే. ఎందుకంటే చేతులు పెరగడంతో ఆగదు. పిల్లలు తక్కువైతే ఇంట్లో మిగులు పెరుగుతుంది, మిగులు బ్యాంకులోకి, అక్కడి నుంచి ఫ్యాక్టరీల్లోకి పోతుంది. 1960ల మొదట్లో కొరియా పొదుపు జాతీయాదాయంలో పదోవంతు కూడా లేదు, 1980ల చివరికి 30 శాతం దాటింది. ఒక్కో బిడ్డ మీద పెట్టే చదువు ఖర్చు పెరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, తల్లికి చేతులు ఖాళీ అవుతాయి.

ఆ చివరి సంగతి మీదే నేను ఎక్కువ చెప్పదలిచాను. 1960ల చివర్లో, 70ల్లో సియోల్ పక్కన గురో పారిశ్రామికవాడలో పనిచేసిన వాళ్లలో అత్యధికులు పల్లెల నుంచి వచ్చిన పెళ్లికాని అమ్మాయిలు. బట్టలు, విగ్గులు, తర్వాత రేడియో విడిభాగాలు. జీతం తక్కువ, పని గంటలు దారుణం, వాళ్ల కష్టాన్ని నేను గొప్పగా చూపించడం లేదు. కానీ ఆ అమ్మాయిలు ప్రాథమిక చదువు పూర్తిచేసుకుని వచ్చారు, సొంత జీతం చూశారు, ఊరికి డబ్బు పంపి తమ్ముళ్లను చదివించారు, పెళ్లి వెనక్కి జరిగింది. 1960లో ఆడపిల్ల పెళ్లి వయసు సగటున 21, 22. 1990కి 25 దగ్గరకు వచ్చింది. కాన్పులు తగ్గడం, పని దొరకడం, చదువు పెరగడం మూడూ కలిసి నడిచాయి. అందుకే మూడోవంతు అన్నా నేను నమ్ముతాను.

పాతలెక్క

పద్మజ గారూ, మీరు చెప్పిన క్రమం మీద నాకు పేచీ లేదు. ఆ మూడోవంతును వయసు ఖాతాలో రాయడం మీదే పేచీ. జనాభా శాస్త్రవేత్త వుల్ఫ్‌గాంగ్ లుట్జ్ బృందం అవే దేశాల సమాచారంలో చదువును విడిగా లెక్కించి చూసి, వయసు వల్ల వచ్చిందనుకున్నదాంట్లో ఎక్కువ భాగం నిజానికి చదువు తెచ్చిందే అని వాదించింది. చదువుకున్న అమ్మాయి తక్కువ మందిని కంటుంది, ఎక్కువ సంపాదిస్తుంది. రెండూ ఒకే కారణం నుంచి వస్తే, ఒకదాని వల్ల ఇంకోటి వచ్చినట్టు కనిపిస్తుంది.

ఇది పండితుల గొడవ అనుకోకండి. మన రాష్ట్రానికి సూటిగా తగిలే విషయం. 1992-93 నాటికే ఉమ్మడి ఆంధ్రాలో ఒక్కో మహిళకు సగటు పిల్లలు 2.6. 2005-06కి 1.8. కొరియా లాగానే వేగంగా దిగింది. కానీ దిగిన దారి పూర్తిగా వేరు. మన దగ్గర అమ్మాయికి చిన్న వయసులో పెళ్లి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, ఆ వెంటనే ఆపరేషన్. 2019-21 సర్వేలో కూడా ఆంధ్రాలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే, దేశంలో ఇంత ఎక్కువ ఉండడం చాలా అరుదు. 20 నుంచి 24 ఏళ్ల అమ్మాయిల్లో 29 శాతం మందికి 18 నిండకుండానే పెళ్లయింది. చదువు, ఉద్యోగం పెరిగి కాన్పులు తగ్గలేదు. పిల్లల సంఖ్య మాత్రం తగ్గింది, ఆ అమ్మాయి జీవితం పెద్దగా మారలేదు. పాతికేళ్లకే కాన్పుల బాధ్యత తీరినా, ముందున్న ముప్ఫై ఏళ్లకు పైగా పని వయసులో ఆమెకు జీతమిచ్చే పని ఊళ్లో లేదు.

కొరియా వయసు చిత్రం మనకు వచ్చింది. దాని వెనకున్న ఆదాయం రాలేదు. నా బాధంతా అదే.

లలిత_టీచర్_మార్కాపురం

మాస్టారూ, మీ మాట మా బడిలో కళ్లకు కనిపిస్తోంది. ఒకప్పుడు ఒక్కో తరగతిలో పిల్లలు పట్టేవాళ్లు కాదు. ఇప్పుడు ప్రాథమిక పాఠశాలలు ఒకే టీచరుతో నడుస్తున్నాయి. పుట్టేవాళ్లు తగ్గిపోవడం వల్లే ఇదంతా.

కానీ ఆడవాళ్లకు పని లేదంటే మాత్రం నేను ఒప్పుకోను. మా ఊరి ఆడవాళ్లు మిర్చి కోత నుంచి ఉపాధి హామీ దాకా ఎండలో చేసే పని ఏ లెక్కలో రాస్తున్నారు? పనిలో లేరని రాసేవాళ్లు ఒక్కరోజు మా వైపు రండి.

పాతలెక్క

లలితమ్మగారూ, బడుల విషయంలో రెండు కారణాలు కలిసిపోయాయి. పిల్లలు తగ్గింది నిజమే, ప్రైవేటు బడి బస్సెక్కినవాళ్లూ ఉన్నారు. మీ ఊళ్లో అన్ని బడుల పిల్లల్నీ కలిపి చూస్తేనే పుట్టుకలు ఎంత తగ్గాయో తేలుతుంది.

ఆడవాళ్ల పని గురించి మీరన్నది న్యాయం. ఆంధ్రా, తెలంగాణ పల్లెల్లో ఆడవాళ్లు దేశ సగటు కంటే ఎక్కువగానే పనిలో ఉంటారు, లెక్కలోకి రాని పని ఇంకా ఎక్కువ. నేను లేదన్నది జీతమిచ్చే పని, అదే నా ఉద్దేశం. కేంద్రం చేసే కార్మిక సర్వేలో 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో పనిలో ఉన్న, పని వెతుకుతున్న వాళ్లు 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7 శాతం. పైపైన చూస్తే అద్భుతం. లోపల చూస్తే పెరిగినదాంట్లో చాలావరకు పల్లెల్లో సొంత పొలంలోనో, ఇంటి వ్యాపారంలోనో చేసే పని, చాలామందికి చేతికి జీతం రాదు. అదే కాలంలో వ్యవసాయం మీద ఆధారపడ్డ కార్మికుల వాటా తగ్గాల్సింది పోయి 2018-19లో 42.5 శాతం ఉన్నది 2023-24కి 46.1 అయింది. ఎదుగుతున్న దేశంలో ఈ అంకె కిందికి రావాలి. పైకి పోయిందంటే పట్నంలో తగిన పని లేక, ఉన్న పొలంలోనే ఇంకొకరు సర్దుకున్నారని అర్థం. అదే ఎకరం, అదే పంట, పంచుకునేవాళ్లు ఎక్కువ. లాభం భారంగా మారుతోందో లేదో తెలుసుకోవడానికి నేను ముందు చూసే అంకె ఇదే. నిరుద్యోగం శాతం కంటే ఇది నిజం చెబుతుంది, ఎందుకంటే పేదవాడు ఖాళీగా కూర్చోలేడు, ఏదో ఒకటి చేస్తూ సర్వేలో ‘పనిలో ఉన్నాడు’ అనిపించుకుంటాడు.

కిరణ్_మియాపూర్

మాస్టారూ, అయితే వయసు కంటే ఆడవాళ్ల ఉద్యోగాలే పెద్ద విషయం అంటారా? ఎంత పెద్దదో ఒక లెక్క చెప్పండి. నేను మొదట రాసినదాని మీద ఇంకా నమ్మకం పోలేదు, యువకులు ఎక్కువుండడం ఎలాగైనా మేలే అనుకుంటున్నా.

పద్మజ_తేజోన్

ఇది నేను వేస్తాను కిరణ్ గారూ. వందమంది ఉన్న ఊరు అనుకోండి. పనిచేసే వయసులో 65 మంది, వాళ్లలో 33 మంది మగవాళ్లు, 32 మంది ఆడవాళ్లు. మగవాళ్లలో 27 మంది సంపాదిస్తున్నారు. ఆడవాళ్లలో పావువంతు, అంటే 8 మంది చేతికి జీతం వస్తోంది. మొత్తం 35 మంది సంపాదన మీద వందమంది బతుకుతున్నారు.

ఇప్పుడు ఎవరి వయసూ మారలేదు, కొత్తగా ఎవరూ పుట్టలేదు. ఆడవాళ్లలో 60 శాతం మందికి అలాంటి పని దొరికిందనుకోండి. 8 కాస్తా 19 అవుతుంది, సంపాదించేవాళ్లు 46. వాళ్ల పని మిగతావాళ్ల పనంత విలువైనదైతే ఊరి ఆదాయం 31 శాతం పెరుగుతుంది. దేశానికి 1971 నుంచి 40 ఏళ్ల వయసు మార్పు తెచ్చింది 17 శాతం అని మాస్టారు చెప్పారు కదా, దానికంటే ఇది పెద్దది.

తిరగేసి కూడా చూడండి. ఆ 27 మంది మగవాళ్లలో ఏడుగురు కుర్రాళ్లు డిగ్రీ చేతబట్టుకుని నాలుగేళ్లుగా పోటీ పరీక్షలకు చదువుతూ ఉండిపోయారనుకోండి. పనిచేసే వయసు వాళ్లు 65 మందే ఉంటారు, సంపాదించేవాళ్లు మాత్రం 28కి పడిపోతారు. వయసు లెక్కల్లో ఆ ఊరు ఇంకా మంచి కాలంలోనే ఉన్నట్టు కనిపిస్తుంది. రమణ గారూ, మీ రెండో అబ్బాయి గురించి అడిగారు. ఈ లెక్కలో ఆయన తాత్కాలికంగా పిల్లల వైపు ఉన్నట్టు. తప్పు ఆయనది కాదు, లెక్క మాత్రం అలాగే పడుతుంది.

అంజన్న_జగిత్యాల

అన్నా, అందరికీ నమస్తే. నేను చానా ఏండ్ల సంది గల్ఫ్‌ల పనిజేస్తున్న. మీ లెక్కల నా అసుంటోడు యాడ వస్తడు? నా పని వయసంతా ఇక్కడి బిల్డింగులకే పోయింది. పంపిన పైసలు అప్పులకు, ఇంటికి, చెల్లె పెండ్లికి పోయినయి. ఇంటికాడ అమ్మా నాయిన ముసలోళ్లయిండ్రు, చూసెటోళ్లు లేరు. నేను తిరిగొచ్చే యాళ్లకు నాకు పీఎఫ్ లేదు, పింఛన్ లేదు. మా ఊర్ల సగం ఇండ్లు గిట్లనే ఉన్నయి. నాకు యాభై దాటినంక నేను లాభమా, భారమా?

పాతలెక్క

అంజన్నా, మీరు అడిగినది ఈ చర్చలో అందరికంటే ముఖ్యమైన ప్రశ్న. మిమ్మల్ని పెంచి పెద్దచేసిన ఖర్చు జగిత్యాలది. మీ శ్రమ విలువ ఆ దేశం జాతీయోత్పత్తిలో చేరింది. మీరు పంపిన డబ్బే మనకు వచ్చిన లాభం, అది మీ ఇంటిని నిలబెట్టింది. కానీ మీ వృద్ధాప్యం ఖర్చు మళ్లీ జగిత్యాలకే వస్తుంది. ఆ దేశాలు పనిచేసే వయసు మనిషిని మాత్రమే తీసుకుంటాయి. వాళ్ల జనాభాలో పనిచేసే వయసు వాటా అంత ఎక్కువగా కనిపించడానికి కారణం అదే.

మీలాంటివాళ్ల పొదుపు దగ్గరే రెండో అంకం మొదలవుతుంది. రొనాల్డ్ లీ, ఆండ్రూ మేసన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దీన్ని రెండో డివిడెండ్ అన్నారు. పెద్ద తరం నలభై, యాభైల్లో ఉన్నప్పుడు ముసలితనం కోసం దాచుకుంటే, ఆ దాచుకున్నది పెట్టుబడిగా మారి, మొదటి లాభం తగ్గాక కూడా ఆదాయాన్ని నిలబెడుతుంది. దాచుకునే వీలు లేకపోతే ఆ తరమంతా ఒకేసారి పిల్లల మీదో, ప్రభుత్వం మీదో వాలుతుంది.

రమణ_పొదిలి

మాస్టారూ, నేను బ్యాంకులో పనిచేస్తాను కాబట్టి దాచుకోవడం సంగతి కొంత తెలుసు. మా దగ్గరికి వచ్చే నలభై దాటిన రైతు, చిన్న వ్యాపారి దాచేది బంగారంలో, స్థలంలో. ముసలితనానికని నెలనెలా కట్టేవాళ్లు బాగా తక్కువ. అరవై దాటినవాళ్లు ఒకటో తారీఖు పింఛను కోసం చూస్తుంటారు. ప్రభుత్వం మీద ఆ భారం ఎంతుంటుంది?

పాతలెక్క

చెబుతాను. ఆంధ్రాలో 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000. అప్పుడు అన్ని రకాలూ కలిపి లబ్ధిదారులు సుమారు 65 లక్షల మంది. వీళ్లంతా వృద్ధులు కారు, వితంతువులు, దివ్యాంగులు, నేతన్నలు, కల్లుగీత కార్మికులు కూడా ఉన్నారు, దివ్యాంగులకు మొత్తం ఇంకా ఎక్కువ. తలకు 4,000 చొప్పున వేసినా ఏడాదికి 31,000 కోట్లు దాటుతుంది. 2024-25 రాష్ట్ర బడ్జెట్ మొత్తం 2.94 లక్షల కోట్లు. పదోవంతు కంటే ఎక్కువ ఇందులోకే పోతోంది. కేంద్రం తన పథకం కింద 60 నుంచి 79 ఏళ్ల పేద వృద్ధులకు నెలకు ఇచ్చేది 200, 80 దాటితే 500.

ఈ పింఛను తప్పని నేను అనడం లేదు, ఆ తల్లులకు అదే అన్నం. కానీ ఇది నూటికి 12, 13 మంది వృద్ధులున్న నాటి ఖర్చు. 19 మంది అయ్యేసరికి, పన్ను కట్టే జీతగాళ్లు ఆ మేరకు పెరగకపోతే, ఇదే డబ్బు బడి నుంచో, ఆసుపత్రి నుంచో, రోడ్డు నుంచో తీయాలి. కొత్త తరాన్ని తయారుచేసే ఖర్చులో కోత పడితే వాళ్ల సంపాదన తగ్గుతుంది, అప్పుడు భారం ఇంకా పెరుగుతుంది.

పద్మజ_తేజోన్

కొరియా చివరి భాగం కూడా చెప్పాలి, లేకపోతే నేను ఏదో విజయగాథ చెప్పినట్టవుతుంది. అంత సంపాదించిన ఈ దేశం జాతీయ పింఛను పథకాన్ని 1988లో గానీ మొదలుపెట్టలేదు. గురోలో కుట్టుమిషన్ల ముందు యవ్వనమంతా గడిపిన తరానికి అందులో కట్టే సమయం దొరికింది కొద్ది ఏళ్లే, చాలామందికి అసలు దొరకలేదు. అందుకే ఇక్కడ వృద్ధుల్లో దాదాపు 40 శాతం మంది సాపేక్ష పేదరికంలో ఉన్నారు, ధనిక దేశాల్లో ఇంత ఎక్కువ ఎక్కడా లేదు. పొద్దున్నే అట్టపెట్టెలు ఏరి అమ్ముకునే ముసలివాళ్లను రోజూ చూస్తున్నాను. 65 దాటినవాళ్లు 2024 డిసెంబరులో జనాభాలో 20 శాతం దాటారు. 2023లో సగటు కాన్పులు 0.72, మరుసటి ఏడాది 0.75. కాన్పుకు ఇంత, పెంపకానికి ఇంత అని ప్రభుత్వం ఏళ్ల తరబడి డబ్బు పోస్తూనే ఉంది.

పిల్లల్ని కనమనడం మీద కూడా ఒక మాట. 2036లో అరవై నిండేవాళ్లు 1976లోనే పుట్టేశారు. ఆ ఏడాది ఇరవై నిండేవాళ్లు 2016కే పుట్టారు. వలస, మరణాలు తప్ప ఇంకేదీ ఆ అంకెను మార్చలేదు. ఈరోజు పుట్టిన బిడ్డ చదివి పనిలోకి వచ్చేసరికి 2045 దాటుతుంది. అప్పటిదాకా ఆ తల్లిదండ్రుల మీద అటు ముసలివాళ్లు, ఇటు పిల్లలు, రెండువైపులా బరువే. దీర్ఘకాలానికి అవసరం కావచ్చు, దాన్ని నేను కొట్టిపారేయను. వచ్చే ఇరవై ఏళ్లకు మాత్రం ఇది జవాబు కాదు.

సౌజన్య_అనకాపల్లి

నేను ఎప్పుడూ చదువుతానే గానీ రాయను. పద్మజ అక్క రాసిన కొరియా అమ్మాయిల గురించి చదివి రాస్తున్నాను. ఇంటర్ అయ్యాక నేను మా జిల్లాలో ఒక బట్టల ఫ్యాక్టరీలో లైన్‌లో కుట్టేదాన్ని. మా ఊరి నుంచి బస్సు నిండా అమ్మాయిలమే. జీతం తక్కువే, కానీ అకౌంట్లో నా పేరున పడేది. ఆ జీతం చూసే మా ఇంట్లో పెళ్లి సంబంధాలు కొన్నాళ్లు ఆపారు. అంటే అక్క చెప్పింది ఇక్కడ కూడా జరుగుతుంది, కొద్దిమందికి.

కానీ పెళ్లయ్యాక ఆగిపోయింది. బాబు పుట్టాక తిరిగి వెళ్దామనుకున్నాను, బాబును ఎక్కడ ఉంచాలో తెలియలేదు. మా లైన్లో ముప్ఫై దాటినవాళ్లు చాలా తక్కువ కనిపించేవారు. ఇప్పుడు ఇంట్లోనే జాకెట్లు కుడుతున్నాను. సర్వేకు వస్తే పనిలో ఉన్నట్టే రాసుకుంటారేమో.

పాతలెక్క

రాసుకుంటారమ్మా, స్వయం ఉపాధి అని. నేను పైన చెప్పిన 41.7 శాతంలో మీలాంటివాళ్లు చాలామంది ఉన్నారు.

యాభై మందికి మించి ఆడవాళ్లు పనిచేసే ఫ్యాక్టరీలో పిల్లల గది ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు, 1976లో దాన్ని ముప్ఫైకి దించారు. రాసి ఇన్నేళ్లయినా, అది నడుస్తున్నదా లేదా అన్నదాని మీదే ఒక తల్లి ముప్ఫై ఏళ్ల సంపాదన ఆధారపడి ఉంది.

కిరణ్_మియాపూర్

సౌజన్య గారి పోస్టు చదివాక, యువత ఉంటే చాలు అన్న నా మాటను కొంత మార్చుకుంటున్నా. కానీ ఒకటి అడుగుతా. ఆంధ్రా సమయం అయిపోయిందన్నట్టు మాట్లాడుతున్నారు మాస్టారు. శ్రీసిటీలో ఫోన్ల ఫ్యాక్టరీలు వచ్చాయి, వేలమంది అమ్మాయిలు చేస్తున్నారు. ఇంకా పదిహేనేళ్లు ఉన్నాయి కదా, అది చాలదా?

పాతలెక్క

చాలదనే నా లెక్క. శ్రీసిటీ నిజమే, మంచిదే. కానీ కొరియా ఆ పని మొదలుపెట్టినప్పుడు వాళ్ల ముందు నలభై ఏళ్లు ఉన్నాయి. పైగా అప్పుడు ఒక కుట్టు లైనుకు పట్టినన్ని చేతులు ఇప్పుడు పట్టవు, యంత్రాలు చాలా పని లాగేశాయి. ఏటా కొత్తగా వచ్చే ఫ్యాక్టరీ ఉద్యోగాలకూ, ఏటా చదువు ముగించి వచ్చేవాళ్లకూ మధ్య దూరం చాలా పెద్దది.

పద్మజ_తేజోన్

ఇక్కడ మాస్టారితో విభేదిస్తాను. మీరు కొత్తగా చదువు ముగించేవాళ్లనే చూస్తున్నారు. ఆంధ్రాలో ప్రత్యేకత ఏమిటంటే, ముప్ఫై నుంచి నలభై ఐదేళ్ల మధ్య, పిల్లలు బడికి వెళ్లే వయసుకు వచ్చేసిన, ఇక కాన్పులు లేని ఆడవాళ్లు లక్షల్లో ఉన్నారు. కొరియాలో ఈ వయసు ఆడవాళ్లలో చాలామంది పిల్లల కోసం ఉద్యోగం మానేసి ఇంట్లో ఉంటారు. మన దగ్గర ఆ దశ పదేళ్లు ముందే దాటిపోతోంది. సౌజన్య లాంటి అనుభవం ఉన్నవాళ్లకు ఊరికి గంట దూరంలో జీతమిచ్చే పని పెడితే, కొత్తగా ఒక్కరు పుట్టకుండానే సంపాదించేవాళ్లు పెరుగుతారు. ఫ్యాక్టరీలే కానక్కర్లేదు, పెరుగుతున్న వృద్ధుల సంరక్షణ కూడా పెద్ద పనే. దానికి ఎవరు డబ్బు ఇస్తారన్నది నా దగ్గర జవాబు లేని ప్రశ్న.

పాతలెక్క

ఆ ప్రశ్నకు జవాబు లేకుండా మిగతాదంతా కాగితం మీదే నడుస్తుంది పద్మజ గారూ. పింఛనులో 4,000 వచ్చే అవ్వ, సంరక్షణకు మనిషిని పెట్టుకోలేదు. అయినా మీరు చెప్పిన వయసు గుంపు మీద నేను ఇంతగా ఆలోచించలేదు. ఆ కార్మిక సర్వేలో ఆంధ్రా విడి లెక్క తీసి, వయసువారీగా జీతం వచ్చే పనిలో ఎంతమంది ఉన్నారో చూసి మళ్లీ రాస్తాను.

లలిత_టీచర్_మార్కాపురం

సౌజన్యా, ఒక్కటి చెప్పమ్మా. ఏముంటే నువ్వు మళ్లీ ఆ పనికి వెళ్లేదానివి? మా బడి నుంచి పదో తరగతి దాటి వెళ్తున్న ఆడపిల్లల తల్లులు నన్ను ఇదే అడుగుతున్నారు.

సౌజన్య_అనకాపల్లి

టీచర్ గారూ, జీతం రెట్టింపు కావాలని అనలేదండి నేను. పిల్లాడిని వదిలే చోటు గేటు దగ్గరుంటే, సాయంత్రం షిఫ్టు చెప్పిన టైముకు ముగిస్తే, బస్సు మా ఊళ్లోకి వస్తే వెళ్లేదాన్ని. ఇప్పుడు బాబు బడికి వెళ్తున్నాడు కాబట్టి మొదటిది అక్కర్లేదు. కానీ పాతికేళ్లు దాటినవాళ్లను కొత్తగా తీసుకోవడం లేదని మా వీధిలో వాళ్లు అంటున్నారు. అది నిజమో కాదో ఈ వారం గేటు దగ్గరికి వెళ్లి అడుగుతాను.